అప్‌డేట్: క్యాంపస్ ఆఫర్ వద్దని మెయిల్ పెట్టాను, సమస్య తీరింది

నా ప్రశ్న: "క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్‌ని పోర్టల్‌లో యాక్సెప్ట్ చేశాను. ఇప్పుడు ఇంకా మంచిది వచ్చింది. మొదటి కంపెనీ రిక్రూటర్‌కి ఏమని రాయాలి?"

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. ముందు ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని కలవమన్న సలహాయే పనిచేసింది. రెండో ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే కలిశాను. నోటిమాటగా చెప్పిన ఆఫర్‌ని నమ్ముకుని మొదటిది వదిలేస్తే రెండూ పోవచ్చు. కంపెనీకి కబురు కాలేజీ ద్వారా కాకుండా నేరుగా మన నుంచే వెళ్లాలని, తనకు కాపీ పెట్టమని సార్ చెప్పారు.

ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇచ్చాను. సబ్జెక్ట్‌లో పేరు, క్యాండిడేట్ ఐడీ. ఇంగ్లీషులో రాసినదాని సారం ఇది:

"ఈ ఉద్యోగంలో నేను చేరడం లేదు. నా లక్ష్యాలకు దగ్గరగా ఉన్న మరో అవకాశాన్ని ఎంచుకున్నాను. ముందు అంగీకరించి ఇప్పుడు తప్పుకుంటున్నందుకు క్షమించండి. ఇంటర్వ్యూలకు మీరు వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు. ఆఫర్ రద్దయినట్టు దయచేసి మెయిల్‌లో తెలియజేయండి."

మొదటి వాక్యంలోనే నిర్ణయం ఉండాలి. "చేరలేకపోవచ్చు" అంటే జీతం పెంచమని అడుగుతున్నారనుకుంటారు. కొత్త కంపెనీ పేరు, ప్యాకేజీ రాయలేదు, వాళ్లూ అడగలేదు. చివరి వాక్యం మాత్రం తప్పకుండా పెట్టండి. ఆ జవాబు లేకపోతే పోర్టల్‌లో మన పేరు అలాగే ఉండి, జాయినింగ్ మెయిల్స్ వస్తూనే ఉండొచ్చు.

బాండ్ గురించిన భయం నా విషయంలో అనవసరమే. అది చేరిన తర్వాతే వర్తిస్తుందని లెటర్‌లోనే ఉంది. మీ లెటర్‌లో ఆ పేరా ఒకసారి చదువుకోండి.