గోడ క్యాలెండర్ గడిలో తిథి వేయాలా, రాసుకునే చోటు వదలాలా?

కాలనీ కార్యదర్శి (ప్రశ్న): మా కాలనీ సంఘం తరఫున 2026కు గోడ క్యాలెండర్ వేయిస్తున్నాము. పరిమాణం 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు. పైన బొమ్మ, కింద నెల గడులు. పెద్దలు ప్రతి గడిలోనూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం ఉండాలంటున్నారు. ఇళ్లలో వాడేవారు పాల లెక్క, గ్యాస్ తేదీ రాసుకోవడానికి ఖాళీ కావాలంటున్నారు. పైగా మే, ఆగస్టు నెలలు ఐదు వరుసల్లో పట్టడం లేదు. ఏ పద్ధతి మంచిదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

తెనాలి ప్రెస్సు: ముందు స్కేలు తీసుకుని చూడండి, సగం వాదన అక్కడే తేలుతుంది. మీ కాగితం 305 మిల్లీమీటర్ల వెడల్పు. అంచులు వదిలితే గడులకు 280 మిగులుతుంది, అంటే ఏడు వారాలకు ఒక్కొక్క గడి 40 వెడల్పు. టిన్ పట్టీ, బొమ్మ, నెల పేరు, వారాల పేర్లు పోగా గడులకు నిలువున 240 దొరుకుతుందనుకుందాం. అప్పుడు ఐదు వరుసలైతే గడి ఎత్తు 48, ఆరు వరుసలైతే 40. అంకె, పండుగ పేరు కలిపి పైన 14 మిల్లీమీటర్లు తీసుకుంటాయి. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి వస్తాయి కనుక బాల్‌పెన్నుతో రాసే ఒక్కో పంక్తికి 8 మిల్లీమీటర్లకు తక్కువ ఇస్తే చేతిరాత ఇరుక్కుంటుంది. కాబట్టి ఐదు వరుసల నెలలో నాలుగు పంక్తులు, ఆరు వరుసల నెలలో మూడు పంక్తులు రాసుకోవచ్చు. తిథి, నక్షత్రం ఒక చిన్న పంక్తిగా వేస్తే ఒక పంక్తి చేతిరాత పోతుంది. వర్జ్యం, దుర్ముహూర్తం కూడా వేస్తే ఆరు వరుసల నెలలో దాదాపు ఏమీ మిగలదు.

రాహుకాలాన్ని ప్రతి గడిలో వేయమనడం మాత్రం నాకు ఎన్నటికీ అర్థం కాదు. మన క్యాలెండర్లలో వాడే లెక్క వారాన్ని బట్టి స్థిరంగా ఉంటుంది: సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. దానిని వారం పేరు కిందనే ఒక్కసారి ముద్రిస్తే నెలంతటికీ సరిపోతుంది. వర్జ్యం అలా కాదు, అది నక్షత్రాన్ని బట్టి రోజూ మారుతుంది. దానికి పుట వెనుక పట్టిక వేయండి.

పంచాంగం పెద్దాయన: తిథి లేని క్యాలెండరును తెలుగు ఇంటి గోడకు ఎందుకు తగిలించాలో నాకు తెలియదు. ఏకాదశి ఎప్పుడు, సంకటహర చవితి ఎప్పుడు, తండ్రిగారి ఆబ్దికం ఏ రోజున వస్తుంది అని చూసుకునేది అక్కడే కదా. అయితే చోటు తక్కువని మీరు బాధపడనక్కరలేదు. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథి. దాని ముగింపు సమయం లేకుండా తిథి పేరు ఒక్కటి, అంకె పక్కనే చిన్న అక్షరాల్లో, వేస్తే పంక్తి ఖర్చు కాదు. పండుగలూ ఆ తిథిని బట్టే వస్తాయి.

తెనాలి ప్రెస్సు: పెద్దాయన గారు చెప్పిన అవసరం నిజమే, కానీ చెప్పిన పద్ధతి రాబోయే ఉగాదినాడే తిరగబడుతుంది. 2026 మార్చి 19, గురువారం చూడండి. ఆ ఉదయం సుమారు 6.53 వరకు అమావాస్య ఉంది. మన ప్రాంతంలో సూర్యోదయం అంతకు ముందే, దాదాపు ఆరున్నరకు లోపే, జరుగుతుంది. పాడ్యమి 6.53కు మొదలై మరుసటి తెల్లవారుజామున సుమారు 4.52కే ముగుస్తుంది, అంటే 20వ తేదీ సూర్యోదయం కూడా దానికి దొరకదు. మీ పద్ధతిలో 19వ తేదీ గడిలో అమావాస్య, 20వ తేదీ గడిలో విదియ పడతాయి, ఆ పాడ్యమి ఏ గడిలోనూ కనిపించదు. అయినా పరాభవ నామ సంవత్సర ఉగాది 19వ తేదీనే, పాడ్యమి రెండు సూర్యోదయాలనూ తాకనప్పుడు అది మొదలైన రోజునే పండుగ చేస్తారు. ఎర్ర అక్షరాల ఉగాది కింద అమావాస్య అని చదివిన ప్రతివారూ అచ్చుతప్పనుకుని మీకు ఫోను చేస్తారు.

ఆబ్దికం సంగతి కూడా అంతే. దానికి సూర్యోదయ తిథి కాక అపరాహ్ణంలో ఉన్న తిథి చూస్తారు. అందుచేత ముగింపు సమయం లేని తిథి పేరు సగం సమాచారమే. వేస్తే ‘అమా 6.53’ అని సమయంతో సహా వేయండి, లేకుంటే పౌర్ణమి, అమావాస్య, ఏకాదశి, చవితి వంటి చూసుకునే రోజులకు మాత్రమే గుర్తు పెట్టి తక్కినవి వెనుక పట్టికకు వదిలేయండి. నా మొగ్గు రెండవదానివైపే.

డాలస్ తెలుగు: ఈ సందర్భంలో మా ఇబ్బందిని కూడా గమనించండి. బంధువులు పంపే క్యాలెండరులో మార్చి 19న అమావాస్య అని ఉంటుంది, కానీ మాకు అమావాస్య 18వ తేదీ రాత్రి ఎనిమిదిన్నరకు ముందే ముగుస్తుంది, 19 సూర్యోదయానికి పాడ్యమే ఉంటుంది. పండుగ తేదీ ఒకటే అయినా తిథి గడి తప్పు చెబుతుంది. ప్రతి గడిలో భారత సమయం, అమెరికా సమయం రెండూ వేస్తే విదేశాల్లో ఉన్న పిల్లలకూ ఉపయోగపడుతుంది కదా?

కాలనీ కార్యదర్శి: మాది కాలనీలో పంచుకునే క్యాలెండర్ అండీ. మీకు అక్కడి ఊరికి గణించిన పంచాంగమే సరైనది, మా గడిలో అంత చోటు లేదు.

పాల లెక్క: ఇంతసేపూ తిథుల మాటే నడిచింది, కనుక రాసేవారి తరఫున నేను చెబుతాను. నేను ప్రతి గడిలో పాల ప్యాకెట్ల సంఖ్య, పనిమనిషి రాని రోజు, గ్యాస్ బండ మార్చిన తేదీ, చీటీ కట్టిన రోజు రాస్తాను. నాకు నాలుగు పంక్తులు అక్కరలేదు, రెండు చాలు, కానీ అవి ప్రతి రోజూ ఒకే చోట ఉండాలి. పండుగ వచ్చిన రోజున పేరు గడి మధ్యలో, బొమ్మ మూలలో, దీపం ఇంకో మూలలో వేసి, రాయడానికి నాలుగు ముక్కల ఖాళీ వదిలే క్యాలెండర్లు ఇంటికి చాలా వచ్చాయి. పండుగ రోజునే కదా ఎక్కువ రాసేది!

రెండవది కాగితం. నిగనిగలాడే కాగితం మీద బాల్‌పెన్ను జారుతుంది, జెల్ పెన్ను సిరా చేయి తగిలితే అలుక్కుపోతుంది. వంటింటి ఆవిరికి ఇంకా కష్టం. బొమ్మ బాగా కనిపించాలని మొత్తం పుటకు ఆర్ట్ పేపర్ వాడితే మీ గడుల లెక్కలన్నీ వృథా.

తెనాలి ప్రెస్సు: అక్షరాలా నిజం. గడుల పుటలకు నిగనిగ లేని 100 జీఎస్ఎం మ్యాప్‌లిథో కాగితం అడగండి. 70 జీఎస్ఎం తీసుకుంటే ఒత్తి రాసినది వెనుక పట్టికలోకి కనిపిస్తుంది. మ్యాప్‌లిథో మీద బొమ్మ కాస్త మసకగా, కాంతి తగ్గినట్టు వస్తుంది, దానిని సంఘం ముందే ఒప్పుకోవాలి. పండుగ గడులకు నేపథ్య రంగు వద్దు, లేత పసుపైనా సరే, నీలి సిరాకు అడ్డుపడుతుంది. అంకెను, పేరును ఎరుపు చేస్తే చాలు. ఆ ఎరుపు మెజెంటా, పసుపు కలిస్తే వస్తుంది కనుక ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ఆరు పాయింట్ల తెలుగు అక్షరాల వత్తులు మసకబారతాయి. అందుచేత ఎర్ర అక్షరం తొమ్మిది పాయింట్లకు తగ్గకుండా చూడండి; తిథుల వంటి చిన్న అక్షరాలను నలుపు ఒక్కదానిలోనే ఉంచండి.

గడుల గీత: నేను క్యాలెండర్లు రూపొందించేదాన్ని. అందరూ వారాలను పైన అడ్డంగా పెట్టుకుని మాట్లాడుతున్నారు. మన గోడ క్యాలెండర్లలో చాలావాటిలాగా వారాలను ఎడమ పక్కన నిలువుగా పెట్టి, తేదీలను పైనుంచి కిందికి నడిపి చూడండి. వారం పేరుకు 20 మిల్లీమీటర్లు పోతే 260 మిగులుతుంది. ఐదు నిలువు వరుసల నెలలో గడి 52 వెడల్పు, 34 ఎత్తు. అంకె పక్కనే పండుగ పేరు ఒకే పంక్తిలో పట్టేస్తుంది కనుక పైన 10 మిల్లీమీటర్లే ఖర్చు, కింద మూడు పంక్తుల ఖాళీ ఒకే ముక్కగా మిగులుతుంది. ‘భీమవరం పెళ్లి, రాత్రి బస్సు’ అని విరవకుండా రాసుకోవడానికి 40 కన్నా 52 వెడల్పు ఎంతో నయం. ప్రెస్సు గారు చెప్పిన రాహుకాలం కూడా ఎడమ పక్క వారం పేరు కింద చక్కగా కూర్చుంటుంది.

ఏ నెలకు ఆరు వరుసలు కావాలో ఎక్సెల్‌లోనే తెలుసుకోవచ్చు. ఆగస్టుకు ఇలా:

```
=ROUNDUP((WEEKDAY(DATE(2026,8,1))-1+31)/7,0)
```

ఆగస్టు 1 శనివారం కనుక 6 వస్తుంది, మే 1 శుక్రవారం కనుక దానికీ 6 వస్తుంది. తక్కిన పది నెలలు ఐదింటిలోనే సరిపోతాయి, ఫిబ్రవరి ఆదివారంతో మొదలై 28 రోజులే కనుక నాలుగింటిలోనే పడుతుంది. నేనైతే ఈ రెండు నెలలకు ఆరవ వరుస చేర్చి గడి వెడల్పు 43కు తగ్గిస్తాను.

పంచాంగం పెద్దాయన: ఆరవ వరుస దేనికి? మే 31ని 24వ తేదీ గడిలోనే గీత గీసి వేయండి. ఏళ్ల తరబడి జరుగుతున్న పనే.

పాల లెక్క: ఆ చీలిన గడిలో ఏ రోజుకు ఏది రాశామో నెలాఖరుకు పాలవాడితో లెక్క చూసేటప్పుడు తెలియదండీ. ఆగస్టులో ఆదివారం 23, 30 ఒక గడిలో, సోమవారం 24, 31 మరో గడిలో. సరిగ్గా లెక్క ముగించే రోజులే సగం గడిలో పడతాయి.

తెనాలి ప్రెస్సు: మూడవ దారి ఉంది, మనవారికి అలవాటైనదే. మే నెల మొదట ఆదివారం నుంచి గురువారం దాకా గడులు ఖాళీగా ఉంటాయి కదా, 31ని మొదటి ఆదివారం గడిలో పూర్తి పరిమాణంలో వేస్తారు. ఆగస్టులో 30, 31 అలాగే మొదటి ఆదివారం, సోమవారం గడులకు వెళతాయి. గడి పరిమాణం పన్నెండు నెలలూ మారదు, రాసుకునే చోటు చీలదు.

గడుల గీత: అలవాటు పెద్దలకు ఉంది, మా ఇంటి పిల్లలకు లేదు. 1కి ముందు 31 కనిపిస్తే ఏప్రిల్ చివరి రోజు అనుకుంటారు. పైగా వచ్చే మే 31 అధిక జ్యేష్ఠ పౌర్ణమి, పుట పై మూలన పౌర్ణమి గుర్తు కనిపిస్తే నెల పౌర్ణమితో మొదలైనట్టు ఉంటుంది. కనీసం ఆ గడికి లేత గీత చట్రం పెట్టి, 30వ తేదీ గడి అంచున ‘31 పైన’ అని చిన్న బాణం వేయాలి.

తెనాలి ప్రెస్సు: బాణం మంచిదే. కానీ ఆరవ వరుసను నేను ఇప్పటికీ ఒప్పుకోను. రెండు నెలలకు వేరే కొలత పెడితే ఆ రెండు పుటల్లోనే పండుగ పేర్లు విరుగుతాయి, ప్రూఫులో తప్పులూ అక్కడే దొరుకుతాయి.

కాలనీ కార్యదర్శి: వారాలు ఎడమ పక్కన, రాహుకాలం వారం కింద, గడిలో ముఖ్యమైన తిథులకు గుర్తు మాత్రమే, మ్యాప్‌లిథో కాగితం. ఇంతవరకు సంఘం ముందు పెడతాను. మరొక సందేహం: మార్చి 19 ఉగాది పక్కనే రంజాన్ పండుగ 20 లేదా 21 అంటున్నారు. దానిని ఎలా ముద్రించాలి?

తెనాలి ప్రెస్సు: ప్రభుత్వ సెలవుల జాబితాలో ఉన్న తేదీ గడిలో ఎరుపుతో వేసి, పేరు కింద ‘నెలవంకను బట్టి’ అని ఒక్క మాట చేర్చండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జాబితాలు వేరువేరు కనుక మీ రాష్ట్రానిది చూసుకోండి. జాబితా వెలువడకముందే ప్లేట్లు చేయించకండి. ముందు మార్చి పుట ఒక్కటి అసలు పరిమాణంలో ప్రింటు తీసి, పాల లెక్క వంటి వారి చేత వారం రోజుల లెక్క రాయించి చూడండి.

పాల లెక్క: రాయిస్తే ఆగస్టు పుటే రాయించండి. ఆ 31 పైన ఉంటే నాకు ఇబ్బంది అవుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.