సైన్ శ్రేణిలో రెండే పదాలు: దోషం అంచనాలో పదింతల తేడా ఎందుకు?

కావ్య: x = 0.5 దగ్గర x − x³/6 వేస్తే 0.4791667 వచ్చింది. అసలు విలువ 0.4794255. మూడో ఘాతం దగ్గర ఆపాను కాబట్టి శేషం x⁴/24 దాటదని, అంటే 0.0026 లోపేనని రాశాను. పుస్తకంలో 0.00026 అని ఉంది. నా తప్పెక్కడ? ఇంకొకటి, 90 డిగ్రీల దాకా దోషం 0.0000005 లోపు ఉండాలంటే ఎన్ని పదాలు కావాలి?

రఘు: ఈ శ్రేణిని నమ్మకండి. నేను 30 డిగ్రీలకు వేస్తే −4470 వచ్చింది!

మాధురి: 30 అని నేరుగా వేశారు. రేడియన్లలో అది 0.5236. అది వేస్తే 0.49967 వస్తుంది.

గణపతి: కావ్య గారూ, మీ హద్దు తప్పు కాదు, వదులుగా ఉంది, అంతే. సైన్‌లో x⁴ పదం గుణకం సున్నా. కాబట్టి మీ బహుపది మూడో ఘాతానిదే అయినా నాలుగో ఘాతం దాకా లెక్కలోకి వచ్చేసింది. శేషాన్ని అయిదో అవకలజంతో కట్టండి: x⁵/120 = 0.00026.

శ్రీధర్: ఇంత దేనికి? గుర్తులు మారే శ్రేణిలో దోషం తర్వాతి పదం కన్నా తక్కువ. అయితే x పెద్దదైతే ఈ సూత్రం చెల్లదు. x = 10 దగ్గర పదాలు 10, 166, 833 అని పెరుగుతాయి.

గణపతి: ఇరవై ఏళ్లుగా సంఖ్యా గణనే నా పని, ఈ పొరపాటు ఎన్నోసార్లు చూశాను. చెల్లనిది మీరు చెప్పిన కారణం, హద్దు కాదు. సైన్ అవకలజాలేవీ 1 దాటవు. అందుకే ఏ x కైనా తర్వాతి పదమే హద్దు.

శ్రీధర్: దోషం 833 దాటదని తెలిసి ఏం చేసుకోవాలి? విలువే 1 దాటదు కదా!

గణపతి: పనికిరాకపోవడం వేరు, అబద్ధం కావడం వేరు. మీరు రెండోది అన్నారు.

మాధురి: నాకు దెబ్బ తగిలింది వేరేచోట. x = 30 రేడియన్లకు ప్రోగ్రాం రాసి వంద పదాలు కలిపాను. హద్దు ప్రకారం దోషం దాదాపు సున్నా, కానీ నాలుగో దశాంశంలోనే తేడా వచ్చింది. మధ్యలో పదాలు 7.8 × 10¹¹ దాకా పోతాయి. పదహారు అంకెల్లో అంత పెద్ద సంఖ్యను దాస్తే, నాలుగో దశాంశం తర్వాతివి అక్కడే పోతాయి.

శ్రీధర్: చిన్న పదాల నుంచి కలపాల్సింది.

గణపతి: పెద్ద పదాన్ని దాచినప్పుడే అంకెలు పోయాయి. వరుస మార్చితే తిరిగి రావు. ముందు 2π గుణిజాలు తీసేయాలి.

శ్రీధర్: వరుస మార్చి చూశాకే ఒప్పుకుంటాను.

కావ్య: రెండో ప్రశ్న నేనే వేసి చూశాను. 90 డిగ్రీలంటే 1.5708. అయిదు పదాలకు హద్దు 0.0000036, చాలదు. ఆరింటికి 0.00000006. ఆరు చాలు. 45 డిగ్రీలు దాటాక కొసైన్‌కు మారితే ఇంకా తగ్గుతాయా?