అప్‌డేట్: సిరిమానుతో పాటు కదిలే పేరు

నా ప్రశ్న: విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం వీడియోలో మాను చివరన ‘సిరిమాను’ అనే అక్షరాలు అంటుకుని కదలాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ట్రాక్ చేస్తే సగంలో జనం మీదికి దూకేస్తున్నాయి. ఎందుకు?

పరిష్కారం దొరికింది. తప్పు నాదే. పట్టు జారుతుందేమోనని, ట్రాకర్ వెతికే చోటును చూపే బయటి పెట్టెను బాగా పెద్దది చేశాను. భక్తులు విసిరిన అరటిపండ్లు అందులోకి వచ్చినప్పుడల్లా ట్రాకర్ వాటి వెంట పోయింది. మాను నెమ్మదిగా సాగుతుంది కదా, అంత పెట్టె అక్కర్లేదు. పైగా ట్రాకర్ పట్టుకోవాల్సిన గుర్తును చూపే లోపలి పెట్టెను మాను మీద కూర్చున్న పూజారి చేతి మీద పెట్టాను, ఆ చెయ్యి ఊరికే ఉండదు!

ఈసారి మాను అంచు ఆకాశానికి ఎదురుగా స్పష్టంగా కనిపించే చోట పెట్టాను. రెండుసార్లు మాత్రం జారింది. జారిన ఫ్రేముకు వెనక్కి వెళ్లి, పెట్టెను చేత్తో సరిచేసి, అక్కడినుంచి మళ్లీ విశ్లేషించాను. Edit Target లో నల్ ఆబ్జెక్టును ఎంచుకుని Apply నొక్కాక, అక్షరాల పొరను దానికి పేరెంట్ చేశాను. కెమెరా వణుకుకు అక్షరాలు కూడా వణికితే నల్ Position కు ఇది రాశాను:

```
smooth(0.4, 9)
```

0.4 సెకన్లు దాటిస్తే అక్షరాలు మానును వదిలి తేలుతున్నాయి.