ఎమర్జెన్సీలో మత స్వేచ్ఛ ఆగుతుందా, ఆగదా?

హన్మకొండలో ఎల్‌ఎల్‌బీ చదువుతున్నాను. ఒక్క చోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

1976 జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకు వెళ్లే దారి లేదంది. అందుకే రాజ్యాంగానికి 44వ సవరణ తెచ్చి, ఎమర్జెన్సీలో హక్కుల కోసం కోర్టుకెళ్లడాన్ని ఆపే 359వ అధికరణ కింద రాష్ట్రపతి ఉత్తర్వు ఇచ్చినా, శిక్షల విషయంలో రక్షణ, జీవించే హక్కు ఇచ్చే 20, 21 అధికరణలను ముట్టుకోకుండా చేశారు. ఇంతవరకు అర్థమైంది.

కానీ భారత్ 1979లో చేరిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో 4వ అధికరణ జాబితా పెద్దది. జీవించే హక్కు, చిత్రహింసల నిషేధంతో పాటు మత, మనస్సాక్షి స్వేచ్ఛను కూడా ఎప్పుడూ ఆపకూడదంటుంది. మన రాజ్యాంగంలో మత స్వేచ్ఛనిచ్చే 25వ అధికరణకు ఆ రక్షణ కనబడటం లేదు. నోట్‌బుక్‌లో రెండు జాబితాలూ పక్కపక్కన రాసుకుంటే 25 దగ్గర ఖాళీ మిగిలింది!

359 ఉత్తర్వులో 25ను చేరిస్తే, ఒడంబడికను చూపించి హైకోర్టులో రిట్ వేయొచ్చా? లేక దేశంలో చట్టం చేయనిదే అది చెల్లదంటారా? ఎల్లుండే ఇంటర్నల్, టెన్షన్‌గా ఉంది.