తేలియా రుమాలులో ‘తేలియా’ ఎక్కడిది?

దేవరకొండ పాఠకురాలు:
మా అమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక తేలియా రుమాలు దొరికింది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళు. పొడవూ వెడల్పూ గజానికి పైనే. మా ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి చూసి, “ఇంత పెద్ద గుడ్డను రుమాలు అంటారా, ఎవరి జేబులో పడుతుంది?” అన్నాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ జవాబు మాత్రం రాలేదు. ఈ ‘తేలియా’ తెలుగు మాటేనా? ‘తేలిక’ నుంచి వచ్చిందా? రుమాలు అని ఎందుకన్నారు? పెద్దలు చెప్పగలరు.

బందరు మిత్రుడు:
తేలికే అయ్యుంటుందండీ, సందేహం లేదు. మా తీరం బట్ట అంటేనే పలుచన. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటి గ్రీకు నావికుల పుస్తకం ‘పెరిప్లస్’ మా ప్రాంతాన్ని ‘మసాలియా’ అని పేర్కొని, అక్కడ సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని రాసింది. తేలికైన రుమాలు, తేలియా రుమాలు. సరిపోయింది కదా.

వనపర్తి ఉపాధ్యాయుడు:
మసాలియా సంగతి నిజమే. అయితే తేలియా రుమాలు ఆ పలుచని బట్ట కాదు తమ్ముడూ, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. తేలియా అంటే ‘నూనెది’. ఉర్దూ, దక్కనీలలో ‘తేల్’ నూనె. దాని వెనక సంస్కృత ‘తైలం’, తైలం వెనక ‘తిల’. అంటే మొదట నువ్వుల నుంచి తీసినదానికే ఆ పేరు. మన ‘నూనె’ కూడా నువ్వులకూ నెయ్యికీ పుట్టిన మాటే. రెండు దారులూ చివరికి నువ్వుల గానుగ దగ్గరే కలుస్తాయి.

ఇక రుమాలు పారసీకం. ‘రూ’ అంటే ముఖం, ‘మాల్’ అంటే తుడిచేది. కానీ మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో రుమాలు అంటే తలకు చుట్టుకునేది. “రుమాలు చుట్టుకొని పంచాయితీకి వచ్చాడు” అంటే జేబు గుడ్డ ఎవరికీ గుర్తుకు రాదు. కాబట్టి అమ్మా, మీ అబ్బాయి ప్రశ్న తప్పు కాదు, బడి రుమాలు వేరు, తాతల రుమాలు వేరు. అరబ్బు దేశాలకూ ఏడెన్‌కూ తూర్పు ఆఫ్రికాకూ ఎగుమతైనది కూడా ముఖ్యంగా తలకు చుట్టుకోవడానికే.

షాద్‌నగర్ గృహిణి:
నా దగ్గరా ఒక తేలియా దుపట్టా ఉంది. పోయిన నెల కొన్నాను. నూనె వాసన పోవడం లేదు, ఏ సబ్బు వాడితే పోతుంది?

వనపర్తి ఉపాధ్యాయుడు:
ఇది మాటల చర్చ అమ్మా, ఉతుకు సంగతి కాదు. ఎవరైనా నేత ఇంటివాళ్ళు ఉంటే చెబుతారు.

చౌటుప్పల్ మగ్గం:
ఉన్నాను సార్. మా తాత పుట్టపాకలో తేలియా నేశారు, నేను చిన్నప్పుడు ఆ నూలు పిసికాను. అక్కా, ముందు నీ దుపట్టా వెనక్కి తిప్పి చూడు. రెండు వైపులా రంగు ఒకేలా ఉండి, గళ్ళ అంచులు కత్తితో కోసినట్టు కాకుండా ఈక కొనల్లా పారి ఉంటే అది నిజమైన చిట్కి పని, నూలుకే రంగు వేసి నేసింది. వెనక వెలవెలబోతే అచ్చు వేసిన బట్ట. అలాంటిదానికి కూడా నాలుగు చుక్కల నూనె రాసి అమ్మేవాళ్ళు ఉన్నారు, వాసన ఒక్కటే రుజువు కాదు. నిజమైనదైతే సబ్బు వద్దు. చన్నీళ్ళలో జాడించి నీడలో ఆరేస్తూ ఉంటే వాసన తగ్గుతుంది.

ఇక నూనె ఎందుకో చెబుతాను. ఎండిన ఆముదపు కాయల తొక్కలను కాల్చిన బూడిదను కుండ నీళ్ళలో కలిపి, రాత్రంతా తేరనిచ్చి, పైని తేట తీస్తారు. ఆ తేటలో ఆముదమో నువ్వుల నూనెనో కొద్దికొద్దిగా పోస్తూ గిలకొడితే పాలలా తెల్లబడాలి. తెల్లబడితే బూడిద తేటలో బలం ఉన్నట్టు. నూనె కళ్ళుకళ్ళుగా పైకి తేలితే తేట పలుచబడిందని అర్థం, ఇంకా గట్టి తేట కలపాలి. లేకపోతే ఆ కళ్ళు నూలుకు అంటుకొని తర్వాత రంగులో మచ్చలవుతాయి. మా నాయనమ్మ కుండ అంచున చూపుడువేలు తిప్పి, వేలిమీద జిడ్డు నిలిస్తే “ఇంకా కుదరలేదు” అనేది.

ఆ పాలలో నూలు చిలపలు ముంచి, కాళ్ళతోనో చేతులతోనో పిసికి, పిండి, ఎండలో ఆరేయాలి. మర్నాడు మళ్ళీ ముంచాలి. ఇలా రెండు మూడు వారాలు. తడి నూలు ఎండలో ఆరేకొద్దీ రోజుకింత పసుపురంగు తిరిగి, మెత్తబడి, ముద్దగా వాసన పట్టేది. మా ఇంటి వసారా ఆ రోజుల్లో గానుగ ఇల్లు లాగా ఉండేది. వాన పట్టిందంటే అంతే, ఆరని చిలప బూజు పట్టి పోగు పుటుక్కున తెగేది.

ఆ తర్వాతే కట్టుకట్టడం. తెల్లగా ఉండాల్సిన చోట దారాన్ని గట్టిగా చుట్టి రంగు చొరకుండా కడతారు. ఇప్పుడైతే సైకిలు ట్యూబు ముక్కలు. కట్టు వదులైతే ఎరుపు లోపలికి చొరబడి తెల్లగడి గులాబీగా మారిపోతుంది. తర్వాత పటిక, రంగు, ఉడకబెట్టడం.

బందరు మిత్రుడు:
తలకు చల్లదనం కోసమే నూనె పట్టించారని, ఎడారివాళ్ళు అందుకే కొన్నారని మా ఊళ్ళో చెబుతారు.

చౌటుప్పల్ మగ్గం:
కొన్నవాళ్ళు ఏమైనా చెప్పుకోవచ్చు తమ్ముడూ. చల్లదనం కోసమైతే నేసిన తర్వాత నూనె రాస్తే చాలు కదా, మూడు వారాలు నూలును పిసకడం దేనికి? నూనె రంగును తాగి పట్టుకుంటుంది, అందుకే.

మహబూబ్‌నగర్ కెమిస్ట్రీ లెక్చరర్:
‘తాగుతుంది’ అనడానికి చిన్న సవరణ. నూనె రంగును తాగదు, పటికను నిలబెడుతుంది. ఉన్ని, పట్టు పటికను తమంతట తాము పట్టుకుంటాయి. పత్తికి ఆ గుణం తక్కువ. బూడిద తేటలోని క్షారం నూనెను విడగొట్టి పోగు లోపలికి వెళ్ళేలా చేస్తుంది. అక్కడ కూర్చున్న కొవ్వు ఆమ్లాలను పటికలోని అల్యూమినియం అంటిపెట్టుకుంటుంది. దాన్ని ఎర్రరంగు పట్టుకుంటుంది. ఈ గొలుసులో సున్నం కూడా ఒక కడియం, అది లేని నీళ్ళలో ఎరుపు మసకబారుతుంది.

ఇదే పద్ధతిని టర్కీ, గ్రీసు నుంచి నేర్చుకొని ఐరోపా రంగరులు 18వ శతాబ్దంలో ‘టర్కీ ఎరుపు’ పేరుతో చేశారు. అక్కడ నూనె ఆలివ్‌ది. పేరు టర్కీది, పని మనదీ వాళ్ళదీ ఒకే రకం. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను తేల్చి చెప్పను.

దేవరకొండ పాఠకురాలు:
మన నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడ్ కదా ప్రసిద్ధం! దానివల్ల రంగు బాగా వచ్చిందేమో?

మహబూబ్‌నగర్ కెమిస్ట్రీ లెక్చరర్:
లేదమ్మా. ఎరుపుకు కావలసింది సున్నం, ఫ్లోరైడ్ కాదు. ఆ నీళ్ళు మన పళ్ళకు చేసిన కీడు చాలు, రంగుల కీర్తి కూడా వాటికి కట్టబెట్టవద్దు.

బందరు మిత్రుడు:
ఈ ఎరుపు మా చిరివేరుదే కదా! మా దగ్గర ఇసుక నేలల్లో పెరిగే ఆ వేరు కోసమే డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ నిజాంపట్నానికీ బందరుకూ వచ్చారు. వాళ్ళు దాన్ని ‘చాయ్’ అన్నారు. మన ‘చామనచాయ’లో ఉన్న చాయే అది.

వనపర్తి ఉపాధ్యాయుడు:
వాళ్ళు ఒక్క వేరు కోసం రాలేదు. వాళ్ళకు కావలసింది సుగంధద్రవ్యాలు. ఇండోనేషియా దీవుల్లో లవంగం, జాజికాయ అమ్మేవాళ్ళు వెండి కంటే మన బట్టలనే ఇష్టంగా తీసుకునేవారు, అందుకే మన రేవుల్లో బట్ట కొని అక్కడికి పట్టుకెళ్ళారు. గోల్కొండ నుంచి బందరుకు పోయే దారి మన నల్లగొండ మీదుగానే వెళ్ళేది. ఎద్దుల మీద వేసిన మూటలు కుంటల పక్కన ఆగుతూ సాగేవన్నమాట.

‘చాయ్’ మాత్రం తమిళ ‘సాయవేర్’ నుంచి ఇంగ్లీషుకు వెళ్ళిందని అంటారు. అక్కడ సాయం అంటే రంగు. మన ‘చాయ’కూ దానికీ చుట్టరికం ఉండవచ్చు. నేను ఒట్టు వేయను.

చౌటుప్పల్ మగ్గం:
చిరివేరు సంగతి బందరుకు వదిలేస్తాను. మా తాత చిరివేరు చూడలేదు. ఆయన వాడింది డబ్బాలో వచ్చే అలిజరిన్.

మహబూబ్‌నగర్ కెమిస్ట్రీ లెక్చరర్:
అది అసలు చిరివేరు లోపలి రంగే. 1868లో ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు, గ్రేబె, లీబెర్మన్, దాన్ని బొగ్గు తారు నుంచి తయారుచేశారు. తర్వాత కొద్ది ఏళ్ళలోనే ప్రపంచమంతటా వేళ్ళ సాగు కుదేలైంది. అయినా నూనె పని మాత్రం అలాగే మిగిలింది, ఎందుకంటే రంగు డబ్బాలో వచ్చినా పత్తి స్వభావం మారలేదు.

దేవరకొండ పాఠకురాలు:
ఒక్క సందేహం మిగిలింది. తేలియా కొనేవాళ్ళ మాట సరే, నేసేవాళ్ళు తెలుగులో ఏమనేవారు? చౌటుప్పల్ అన్నా, మీ ఇంట్లో?

చౌటుప్పల్ మగ్గం:
మా ఇంట్లో తేలియా అనే అన్నారమ్మా. నా ఎరుకలో ‘నూనె రుమాలు’ అన్నవారు లేరు. పని చీరాల వైపు నుంచి మా వైపుకు వచ్చిందంటారు, అక్కడ ఇంకో పేరు ఉండేదేమో. బందరు తమ్ముడు చీరాల పెద్దలను అడగాలి.

బందరు మిత్రుడు:
అడుగుతాను. నా తేలిక మాత్రం వెనక్కి తీసుకోవడానికి మనసు రావడం లేదు!

దేవరకొండ పాఠకురాలు:
రాత్రి అమ్మతో కలిసి రుమాలు మళ్ళీ పరిచి చూశాను. వెనకా ముందూ ఒకే రంగు. ఒక దారం లాగి పురి విప్పితే లోపలి దాకా ఎర్రగానే ఉంది. కానీ ఒక వింత. ఎరుపు గళ్ళు గట్టిగా ఉన్నాయి, నల్లగళ్ళు మాత్రం తాకితే జల్లెడలా విడిపోతున్నాయి. తెలుపు చెక్కుచెదరలేదు. ఎలుకలు నల్లరంగునే ఎంచుకొని కొరకవు కదా?

చౌటుప్పల్ మగ్గం:
ఎలుకలు కాదమ్మా, ఇనుము. ఎరుపుకు పటిక పెట్టినట్టే నలుపుకు ఇనుప నీళ్ళు పెడతారు. తుప్పు ముక్కలను బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు. అదే ఎర్రరంగు ఇనుము మీద పడితే నల్లగా తిరుగుతుంది. కానీ ఇనుము పత్తిని ఏళ్ళ తరబడి లోలోపల తింటూనే ఉంటుంది, పాత గుడ్డల్లో ముందు పోయేది నల్లగళ్ళే. ఇక మీదట దాన్ని మడత పెట్టవద్దు, మడత మీదనే తెగుతుంది. పాత పంచెలో కలిపి కర్రకు చుట్టి పెట్టు.