బంతి వెంట వెళ్లే రోబో ఊగుతోంది: యోలోకి మారాలా?

కాకినాడ_డిప్లొమా: ఓపెన్‌సీవీతో ఇదే నా మొదటి ప్రాజెక్టు. రాస్ప్‌బెర్రీ పై 4, యూఎస్‌బీ వెబ్‌క్యామ్, రెండు మోటార్ల బండి. స్క్రీన్ మీద ఎర్ర బంతి చుట్టూ గుండ్రం సరిగ్గానే పడుతోంది, బండి మాత్రం అటూ ఇటూ ఊగుతూ పోతోంది. రంగుతో వెతకడం మానేసి, వస్తువులను గుర్తుపట్టే యోలో మోడల్ పెట్టమని ఫ్రెండ్ అంటున్నాడు. మారాలా?

మధు_విజన్: మారండి. ట్యూబ్‌లైటు కింద కుదిర్చిన రంగు రేంజ్ కిటికీ దగ్గరికొస్తే పనిచేయదు. పైగా మీది ఎరుపు. హ్యూ 0 దగ్గరా ఉంటుంది, 179 దగ్గరా ఉంటుంది. ఒక్క రేంజే పెట్టుంటారు, సగం బంతే దొరుకుతుంటుంది.

రోబో_శీను: ఎరుపు సంగతి మధు గారు చెప్పింది నిజమే, రెండు మాస్కులూ కలపాలి:

```python
m1 = cv2.inRange(hsv, (0,120,70), (10,255,255))
m2 = cv2.inRange(hsv, (170,120,70), (179,255,255))
mask = cv2.bitwise_or(m1, m2)
```

కానీ తమ్ముడి బాధ అది కాదండీ. గుండ్రం సరిగ్గా పడుతోందంటే బంతి దొరుకుతున్నట్టే. నా అనుమానం ఆలస్యం మీద. మీ లూప్ కెమెరా కంటే నెమ్మదిగా నడిస్తే ఫ్రేములు బఫర్‌లో పేరుకుపోతాయి, `read()` పాత ఫ్రేమే చేతికిస్తుంది. ఆలస్యం సెకనులో మూడో వంతు, బండి తిరిగే వేగం సెకనుకు 90 డిగ్రీలు అనుకోండి. బంతి మధ్యకొచ్చిందని ప్రోగ్రాముకు తెలిసేలోపు బండి ఇంకో 30 డిగ్రీలు తిరిగేసి ఉంటుంది. కెమెరా చూపు 60 డిగ్రీలైతే బంతి అప్పటికే ఫ్రేము అంచున ఉంటుంది. వెంటనే వెనక్కి తిప్పుతారు, మళ్లీ అదే కథ. పై 4 మీద యోలో ఇంకా నెమ్మది, ఊగడం పెరుగుతుంది.

ముందు కొలవండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడుపుతూ కెమెరాకు చూపించండి. ఆ ఫోన్, మానిటర్ మీది దాని బొమ్మ రెండూ పడేలా ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. రెండు అంకెల తేడానే మీ ఆలస్యం. ఎక్కువుంటే ఫ్రేములు చదవడానికి వేరే థ్రెడ్ పెట్టి, చివరి ఫ్రేము మాత్రమే వాడండి. సైజు 320x240 చాలు.

లక్ష్మి_టీచర్: మా పిల్లల బండి బంతిని వదిలేసి ఎర్ర చొక్కా వేసుకున్న అబ్బాయి వెంట పడింది. దానికీ ఇదేనా?

రోబో_శీను: కాదు మేడమ్, అది వేరే. అన్నిటికంటే పెద్ద ఎర్ర మచ్చను పట్టుకుంటున్నారు. ఆ మచ్చ వైశాల్యాన్ని `minEnclosingCircle` ఇచ్చే వృత్తం వైశాల్యంతో భాగించండి. బంతి పూర్తిగా కనబడుతుంటే 1కి దగ్గరగా వస్తుంది, చొక్కాకు బాగా తక్కువ.

మధు_విజన్: గుండ్రటి ఎర్ర మూత కనబడితే? అక్కడ యోలోనే కావాలి. ఆ మాట మీద ఉన్నాను.

కాకినాడ_డిప్లొమా: కొలిచానన్నా, 0.4 సెకన్లు. థ్రెడ్ పెట్టాక 0.15. దూరంలో తిన్నగా వెళ్తోంది. బంతికి జానెడు దూరంలోకొస్తే మాత్రం ఇంకా ఊగుతోంది.

రోబో_శీను: దగ్గరయ్యేకొద్దీ బంతి కాస్త పక్కకున్నా కోణం పెద్దదవుతుంది, తేడాను బట్టి బండిని ఎంత తిప్పాలో చెప్పే గెయిన్ అదే ఉంటే అక్కడ ఎక్కువైపోతుంది. వ్యాసార్థం పెరిగేకొద్దీ గెయిన్, ముందుకెళ్లే వేగం రెండూ తగ్గించి చూడు.

మధు_విజన్: బంతి ఫ్రేమంతా నిండితే ఆటో వైట్ బ్యాలెన్స్ కూడా రంగు మార్చేస్తుంది. గెయిన్ ముట్టుకునే ముందు అది ఆపి చూడండి.