అప్‌డేట్: సర్వే మ్యాప్‌లో మా గెట్టు పక్కవాళ్లదని వచ్చింది

నా పాత ప్రశ్న: "దేవరకొండ దగ్గర మాది. వేపచెట్టు దాకా మన భూమే అని నాన్న చెప్పేవాడు. మ్యాప్ చూస్తే 10 గుంటలు పక్క సర్వే నంబర్‌లో ఉంది. ఏం చేయాలి?"

తేలింది. హద్దులు కొలిచి చూపించమని సర్వే వాళ్లను అడిగే ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టమన్న అన్నకు చాలా థ్యాంక్స్, అదే పనిచేసింది.

మీసేవలో ఫీజు కట్టినం, పక్క రైతులకు నోటీసులు పోయినయి. సర్వేయర్ ఊరి నక్షా పక్కన పెట్టి టిప్పన్ తీసిండు, అంటే నిజాం కాలంలో ఒక్కో సర్వే నంబర్‌కు కొలతలు రాసిన కాగితం. మూడు నంబర్లు కలిసే చోటి రాయి నుంచి కొలవాలన్నడు, కానీ అక్కడ రాయి కనపడలేదు. సర్కారు తుమ్మ కింద మోకాలు లోతు తవ్వితే గడ్డపారకు టంగుమని తగిలింది, నా గుండె ఆగినంత పనైంది. అక్కడి నుంచి కొలిస్తే 330 అడుగుల పొడవున 10 అడుగులే పక్కవాళ్లది, అంటే 3 గుంటలు. 10 గుంటలన్నది ఫోన్‌లో చిన్న నక్షాను శాటిలైట్ ఫోటో మీద పెట్టడంతో వచ్చిన తేడా. వేపచెట్టు కూడా హద్దు కాదు, నాన్న మాట తప్పని తేలడం బాధనిపించినా ఒప్పుకున్న.

పహాణీల కోసం నెల తిరిగిన, అవి దీనికి పనికిరాలేదు. వాటిలో విస్తీర్ణం ఉంటది, గెట్టు ఎక్కడో ఉండదు. పక్క బాబాయి పంచనామా మీద సంతకం పెట్టిండు. ఆయన ఒప్పుకోకపోతే కోర్టుకే పోవాల్సి వచ్చేది, సర్వేయర్ హద్దు చూపిస్తడు గానీ స్వాధీనం ఇప్పించడు. నిన్న కొత్త రాళ్లు పాతినం.